చిన్న పరీవాహకం నుండి గరిష్ఠ ప్రవాహం: రేషనల్ పద్ధతిలో ప్రవాహ గుణకం ఎంపిక

చిన్న నీటికుంటకు మట్టికట్ట వేయదలచినప్పుడు తేల్చవలసిన ముఖ్య ప్రశ్నలలో అలుగు పొడవు ఒకటి. తెలంగాణలో దీనినే మత్తడి అంటారు. అలుగు చాలకపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లిన నీరు మట్టికట్ట వెనుకవాలును కోసివేసి, కొద్దిసేపటిలోనే గండి పెడుతుంది. కాబట్టి ఏడాదిలో కుంటకు ఎంత నీరు చేరుతుందన్న లెక్క అలుగు నిర్మాణానికి పనికిరాదు. ఒక పెద్ద వానలో, ఏదో ఒక సమయాన, సెకనుకు అత్యధికంగా ఎన్ని ఘనపు మీటర్ల నీరు వచ్చిపడుతుందో తెలియాలి. ఇదే గరిష్ఠ ప్రవాహం. ప్రవాహాన్ని కొలిచిన రికార్డులేవీ లేని చిన్న పరీవాహకాలలో దీనిని అంచనా వేయడానికి రేషనల్ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నది.

ఈ పద్ధతిలోని మూలభావాన్ని ఐర్లాండుకు చెందిన ఇంజనీరు మల్వనీ 1851లో ప్రతిపాదించాడు. అమెరికాలోని రోచెస్టర్ నగరపు కాలువల కోసం కూచ్లింగ్ 1889లో దానిని సూత్రరూపంలో వినియోగించాడు. భావం సరళమైనది. పరీవాహకమంతటా ఒకే తీవ్రతతో వాన కురుస్తున్నదనుకుంటే, మొదట కుంటకు దగ్గరి నీరు చేరుతుంది, క్రమంగా దూరపు నీరు వచ్చి కలుస్తుంది. అతి దూరపు బిందువు నుండి బయలుదేరిన నీరు కుంటను చేరే సరికి పరీవాహకమంతా ప్రవాహానికి తన వంతు ఇస్తూ ఉంటుంది. అందుకు పట్టే సమయాన్ని కేంద్రీకరణ కాలం అంటారు. వాన అంతసేపు నిలిస్తే ప్రవాహం గరిష్ఠస్థాయిని అందుకుంటుంది.

Q = C × I × A ÷ 360

ఇందులో Q గరిష్ఠ ప్రవాహం, సెకనుకు ఘనపు మీటర్లలో. I కేంద్రీకరణ కాలానికి సమానమైన వ్యవధిలో కురిసే వర్షపు తీవ్రత, గంటకు మిల్లీమీటర్లలో. A విస్తీర్ణం, హెక్టార్లలో. C ప్రవాహ గుణకం. 360 అన్న సంఖ్యను కంఠస్థం చేయనక్కరలేదు. హెక్టారు మీద గంటకు 1 మి.మీ. వాన అంటే గంటకు 10 ఘనపు మీటర్లు. దానిని 3600 సెకన్లతో భాగిస్తే 1/360 వస్తుంది.

విస్తీర్ణాన్ని సర్వే ఇస్తుంది, తీవ్రతను వర్షపాత రికార్డులు ఇస్తాయి. గుణకాన్ని మాత్రం నేలను చూచి మనిషి నిర్ణయించాలి. ఫలితం C కి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక ఆ నిర్ణయంలోని పొరపాటు అంతే నిష్పత్తిలో అలుగు పొడవులోకి చేరుతుంది. ఈ విషయాన్ని ఒక లెక్కతో పరిశీలించవచ్చు.

హైదరాబాద్ పరిసరాలలోని 18 హెక్టార్ల పరీవాహకాన్ని తీసుకొందాం. పైభాగం 8 హెక్టార్లు, సన్నగా పొడవుగా సాగిన ఎర్రని ఇసుక గరప నేల, చెట్లూ పొదలూ ఉన్నవి. కుంటను ఆనుకొని ఉన్న దిగువభాగం 10 హెక్టార్లు, సాగులో ఉన్న నల్లరేగడి. అతి దూరపు బిందువు నుండి కుంట వరకు నీటిదారి 800 మీటర్లు, వాలు అంతటా 2 శాతం. అలుగును 10 సంవత్సరాలకు ఒకసారి రాగల వానకు నిర్మించాలి.

కేంద్రీకరణ కాలానికి కిర్పిచ్ 1940లో ఇచ్చిన సూత్రం వాడుకలో ఉన్నది. L ను మీటర్లలోను, S ను నిష్పత్తిగాను వేస్తే సమయం నిమిషాలలో వస్తుంది.

Tc = 0.0195 × L^0.77 × S^(−0.385)

800 మీటర్లకు, 0.02 వాలుకు ఇది సుమారు 15.1 నిమిషాలు, అంటే పావుగంట. ఇక తీవ్రత. డెహ్రాడూన్‌లోని కేంద్ర మృత్తికా జల సంరక్షణ పరిశోధన, శిక్షణ సంస్థకు చెందిన రాంబాబు ప్రభృతులు దేశంలోని వివిధ కేంద్రాలకు వర్షతీవ్రత సూత్రాలను రూపొందించారు. వాటిలో హైదరాబాద్‌కు ఇచ్చినది ఇది:

I = 5.25 × T^0.1354 ÷ (t + 0.5)^1.0295

T సంవత్సరాలలో, t గంటలలో. T = 10, t = 0.25 అయితే I విలువ 9.64 వస్తుంది. ఇది గంటకు సెంటీమీటర్లలో ఉన్నదని మరచి సూత్రంలో అలాగే వేసేవారు కద్దు. అప్పుడు ప్రవాహం పదోవంతుకు పడిపోతుంది. మిల్లీమీటర్లలోకి మారిస్తే తీవ్రత గంటకు 96.4 మి.మీ.

గుణకాల పట్టికలు నేల వాడుక, వాలు, నేల స్వభావం అనే మూడింటిని బట్టి అమర్చి ఉంటాయి. 5 శాతం లోపు వాలులో చెట్లు ఉన్న ఇసుక గరప నేలకు 0.10, సాగులోని బిగువైన బంకనేలకు 0.60 అని పట్టిక చెబుతుంది. ఈ రెండింటి సగటు 0.35 అని తీసుకోవడం తప్పు. విస్తీర్ణాన్ని బట్టి సగటు తీయాలి. 8 × 0.10 = 0.8, 10 × 0.60 = 6.0, మొత్తం 6.8. దీనిని 18తో భాగిస్తే C = 0.378. అప్పుడు

Q = 0.378 × 96.4 × 18 ÷ 360 = 1.82 ఘ.మీ./సె.

పాఠ్యపుస్తకాలలోని లెక్కలు తరచు ఇక్కడితో ముగుస్తాయి. కాని ఈ పరీవాహకంలో ఇది గరిష్ఠ ప్రవాహం కాదు.

కారణం నేలల అమరికలో ఉన్నది. ఎక్కువ నీటిని వదిలే రేగడి కుంటకు దగ్గరగా ఉన్నది. దూరంగా ఉన్న పైభాగం నుండి వచ్చేది స్వల్పం. ఆ స్వల్పభాగం కోసం పావుగంట వేచి ఉండవలసి వచ్చినందున, లెక్కలో తక్కువ తీవ్రత గల దీర్ఘమైన వానను తీసుకొన్నాము. రేగడి భాగాన్ని మాత్రమే విడిగా చూస్తే నీటిదారి 300 మీటర్లు, అదే వాలుకు కేంద్రీకరణ కాలం 7.1 నిమిషాలు. అంత తక్కువ వ్యవధిలో 10 సంవత్సరాల వాన తీవ్రత గంటకు 117.6 మి.మీ. అప్పుడు

Q = 0.60 × 117.6 × 10 ÷ 360 = 1.96 ఘ.మీ./సె.

పది హెక్టార్లు ఇచ్చే ప్రవాహం పద్దెనిమిది హెక్టార్లు ఇచ్చేదానికంటె ఎక్కువగా వచ్చింది! ఇందులో వైరుధ్యమేమీ లేదు. రెండు లెక్కలు రెండు వేర్వేరు వానలకు చెందినవి, అలుగు రెండింటికీ తట్టుకోవాలి. అందువల్ల గుణకాలు బాగా భిన్నమైన భాగాలున్నచోట, అధిక గుణకం గల భాగం దిగువన ఉన్నప్పుడు, ఆ భాగానికి విడిగా లెక్కవేసి రెండింటిలో పెద్దదానిని గ్రహించాలి. సగటు గుణకం ఎక్కడ ఏ నేల ఉన్నదో చెప్పదు.

ఈ తేడా అలుగు మీద ఎంత ఉంటుందో చూడవచ్చు. వెడల్పయిన శిఖరం గల అలుగుకు Q = 1.7 × L × H^1.5 అని తీసుకొని, అలుగు మీద నీటి ఎత్తును 0.45 మీటర్లుగా నిర్ణయిస్తే, మొదటి లెక్క ప్రకారం 3.55 మీటర్ల పొడవు సరిపోతుందనిపిస్తుంది. రెండవ లెక్క ప్రకారం 3.8 మీటర్లు కావాలి. తేడా చిన్నదే. కాని పై 8 హెక్టార్లను చదును చేసి సాగులోకి తెస్తే పరిస్థితి మారుతుంది. సాగులోని ఇసుక గరప నేలకు పట్టిక ఇచ్చే గుణకం 0.30. మొత్తం 2.4 + 6.0 = 8.4 అవుతుంది, గరిష్ఠ ప్రవాహం 2.25 ఘ.మీ./సె. ఇప్పుడు మొత్తం పరీవాహకపు లెక్కే పెద్దది. అలుగు 4.4 మీటర్లు ఉండాలి. కుంట కట్టిన కొన్నేళ్ళకు పైనున్న పొదలను నరికివేస్తే, కట్టలో ఏ లోపం లేకపోయినా అలుగు చాలకుండా పోతుంది.

ఈ 0.30 కూడా సందేహించదగినదే. పట్టికలలోని గుణకాలు పాశ్చాత్య దేశాల నేలలను దృష్టిలో పెట్టుకొని కూర్చినవి. దక్కన్ ఎర్రనేలలు ఇసుకపాలు ఎక్కువగా ఉన్నా, పైరు కప్పక ముందు వానచినుకుల తాకిడికి పైపొర గట్టిపడి పెచ్చు కడతాయి. ఆ దశలో నీరు ఇంకడం బాగా తగ్గుతుంది. అటువంటి చెలకలకు ఇసుక గరప గడిలోని 0.30 కంటె దాని పక్కనున్న గరప నేలల గడిలోని 0.50 వాస్తవానికి దగ్గరగా ఉంటుందని భావించడం సమంజసం. అలా తీసుకొంటే ప్రవాహం 2.68కి, అలుగు 5.2 మీటర్లకు చేరుతుంది. ఒక్క గడి పక్కకు జరిగినందుకు అలుగు 0.8 మీటరు పెరిగినది.

రేగడి తీరు ఇందుకు విరుద్ధం. ఎండకు నెర్రెలు విచ్చిన రేగడి తొలకరి వానలను మింగివేస్తుంది. జూన్‌లో పొలం చూచినవారికి 0.60 అతిశయోక్తి అనిపించవచ్చు. నేల తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకొన్న తరువాత, ఆగస్టు, సెప్టెంబరు వానలకు నీరు ఇంకడం దాదాపు నిలిచిపోతుంది. గండ్లు పడేది అప్పుడే. కనుక గుణకాన్ని తడిసిన నేలకే నిర్ణయించాలి. అరుదైన వానలకు గుణకం ఇంకా పెరుగుతుంది. 25 సంవత్సరాల వానకు పట్టిక విలువను 1.1తోను, 50 సంవత్సరాల వానకు 1.2తోను హెచ్చించడం వాడుక, ఫలితం 1 దాటరాదు.

ప్రవాహ గుణకాన్ని వార్షిక వర్షానికి వర్తింపజేయడం విద్యార్థులు తరచు చేసే పొరపాటు. 700 మి.మీ. వానను 0.378తో, 18 హెక్టార్లతో హెచ్చించి కుంటకు 47,600 ఘనపు మీటర్ల నీరు వస్తుందని చెప్పడం సరికాదు. ఈ గుణకం గరిష్ఠ ప్రవాహానికి, వర్షతీవ్రతకు మధ్యనున్న నిష్పత్తి మాత్రమే. ఏడాదిలో ప్రవాహమే ఇవ్వని వానలు ఎన్నో ఉంటాయి. మరొక పొరపాటు రోజు వర్షాన్ని 24తో భాగించి తీవ్రతగా వాడడం. 100 మి.మీ. వాన అలా గంటకు 4.2 మి.మీ. అయిపోతుంది, ప్రవాహం 0.08 ఘ.మీ./సె. వద్ద నిలుస్తుంది. ఈ ప్రాంతంలో ఇంత చిన్న పరీవాహకానికి హెక్టారుకు 0.1 ఘ.మీ./సె. దరిదాపుల్లో కాక, అందులో పదోవంతో అంతకంటె తక్కువో వచ్చినప్పుడు ప్రమాణాలను తిరిగి చూడాలి.

కట్టిన అలుగే ఆ తరువాత గుణకాన్ని సరిచూచే సాధనం కాగలదు. 4.4 మీటర్ల అలుగు మీద ఒక వానలో నీరు 0.30 మీటర్ల ఎత్తున పారినట్లు పక్కగోడల మీది చెత్త గుర్తు చూపిందనుకొందాం. ప్రవాహం 1.23 ఘ.మీ./సె. దగ్గరలోని స్వయంలేఖన వర్షమాపకం పావుగంటలో 18 మి.మీ., అంటే గంటకు 72 మి.మీ. తీవ్రతను చూపితే C = 1.23 × 360 ÷ (72 × 18) = 0.34. కుంట అప్పటికే నిండి ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. నిండి ఉన్నా కొంత నీరు అలుగు మట్టానికి పైన తాత్కాలికంగా నిలుస్తుంది కనుక, కుంటలోకి వచ్చిన ప్రవాహం ఇంకా ఎక్కువే. కాబట్టి ఈ 0.34 కనిష్ఠ అంచనా మాత్రమే. అది జూలై వానలో వచ్చినదైతే, సెప్టెంబరులో మరొక గుర్తు దొరికే వరకు లెక్కలో వాడిన గుణకాన్ని తగ్గించరాదు.