ఎముక పగులు మానాక మళ్లీ పరుగు

మోకాలి కింది పెద్ద ఎముకలో వచ్చే సన్నని పగులును స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కొన్ని వారాల విశ్రాంతితో నొప్పి పోతుంది. ఎముక పూర్తిగా గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఈలోపు సైకిలు తొక్కి దమ్ము కాపాడుకున్నవారికే చిక్కు ఎక్కువ: ఊపిరి సిద్ధంగా ఉంటుంది, ఎముక ఉండదు.

గాయానికి ముందు వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తిన మనిషిని తీసుకుందాం. డాక్టరు సరేనన్నారు. అరగంట వేగంగా నడిచినా, పగిలిన చోట బొటనవేలితో నొక్కినా, ఒంటికాలిపై గెంతినా నొప్పి లేదు. అప్పుడు రోజు విడిచి రోజు, వారానికి 3 సార్లు మొదలుపెట్టాలి. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. వారం వారం పరుగు ఒక్కో నిమిషం పెంచి, నడక ఒక్కో నిమిషం తగ్గిస్తే అయిదో వారానికి అరగంట ఏకధాటి పరుగు వస్తుంది. నెమ్మదిగా వెళ్తే వారానికి సుమారు 13 కిలోమీటర్లు.

వారానికి పది శాతం పెంచాలనే సూత్రం ఇక్కడినుంచే పనికొస్తుంది. రెండు కిలోమీటర్లకు పది శాతం కలిపితే ఏమొస్తుంది? 13, 14.3, 15.7, తర్వాత మళ్లీ 13, ఆపై 17.3. ఇలా నాలుగో వారం తగ్గిస్తూ పోతే 40 చేరడానికి మరో నాలుగు నెలలు పడుతుంది. వేగం, ఎత్తులు ఆ తర్వాతే.

రెండు పిక్కలూ సలిపితే అది కండరాల అలసట. ఒకే చోట, వేలితో చూపగలిగేలా నొస్తూ, పరుగెత్తేకొద్దీ ముదిరితే వెంటనే ఆపాలి. నొప్పి పూర్తిగా తగ్గాక ఒక మెట్టు కిందినుంచి మొదలు. రాత్రి పడుకున్నా నొస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తుంటి దగ్గరి పగులుకు ఈ లెక్క వర్తించదు.