గ్యాస్ నింపారు, లీకు వదిలేశారు

ఎండలు ముదిరాయంటే కారు మెకానిక్ షెడ్లలో తరచూ వినపడే మాట "గ్యాస్ అయిపోయింది సార్, నింపితే చాలు." రెండు వేల పైచిలుకు కడతాం, ఏసీ చల్లబడుతుంది. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ వేడిగాలి.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గడం మామూలే కానీ, మూడు వారాల్లో పోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అందుకే గ్యారేజీ వాళ్లను అడగాల్సింది "మళ్లీ నింపండి" అని కాదు, "నింపేముందు లీకు చూశారా?" అని. నైట్రోజన్ ఎక్కించి గేజీ ముల్లు పడిపోతోందేమో చూడటం, జాయింట్లకు సబ్బు నురగ పూయడం వాళ్లకు తెలిసిన పనులే. డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్‌కు మాత్రం సబ్బు నురగ అందదు. చాలామంది వదిలేసేది అక్కడే.

అయితే వేడిగాలి వచ్చిన ప్రతిసారీ తప్పు పాత రిపేరుది కాకపోవచ్చు. హైవే మీద చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతోందంటే కండెన్సర్ ఫ్యాను తిరగడం లేదేమో. అది వేరే జబ్బు, దానికి వేరే బిల్లు న్యాయమే. తేల్చుకోవాలంటే గ్యాస్ ముట్టుకోకముందే మన ఎదుట గేజీ పెట్టించాలి. ఈలోగా ఇంకో షెడ్డులో విప్పించకూడదు. విప్పిస్తే "వేరేవాళ్లు చెయ్యి పెట్టారు" అని మొదటివాళ్లు తప్పుకుంటారు.

నోటిమాటతో ఆగకుండా బిల్లు ఫొటోతో వాట్సాప్‌లో రాయండి:

"మే 4న మీ దగ్గర ఏసీ గ్యాస్ నింపించి రూ.2,200 కట్టాను. మే 25 నుంచి మళ్లీ చల్లదనం లేదు. బిల్లులో లీక్ టెస్ట్ చేసినట్టు లేదు. నా ఎదుట గేజీ చూసి, లీకు పట్టుకుని, లేబర్, గ్యాస్ చార్జీలు లేకుండా సరిచేయండి. కొత్త పార్టు కావాలంటే ముందే ధర చెప్పండి. ఏ రోజు తీసుకురమ్మంటారు?"

పార్టు డబ్బు ఇస్తామనడం మెతకదనం కాదు. పాడైన కండెన్సర్ మన కారుది. లీకు వెతక్కుండా నింపిన గ్యాస్, లేబర్ మాత్రం వాళ్ల లెక్కలోకి వస్తాయి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం సేవాలోపమే. రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. తేదీలున్న ఆ వాట్సాప్ సందేశమే అక్కడ సాక్ష్యం.

కారు మళ్లీ ఇచ్చేటప్పుడు జాబ్‌కార్డు మీద "పాత ఫిర్యాదే, రీవర్క్" అని రాయించుకోండి. తీసుకునేటప్పుడు లీకు ఎక్కడ దొరికిందో బిల్లులో చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే మళ్లీ గ్యాసే నింపి పంపుతున్నారు.