చంద్రికలు దులిపితే ఒకరికే తుమ్ములెందుకు?



ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరూ పురుగులు మేపుతారు అనుకోండి. గూళ్లు విడిపించి చంద్రికలు దులిపే రోజు తమ్ముడికి వరసగా తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు. అన్నకు ఏమీ కాదు. దుమ్ము ఇద్దరికీ ఒకటే. తేడా ఒంట్లో ఉంది.

ఆ దుమ్ములో ఎండిన రెట్ట, పురుగు విడిచిన చర్మం, గూటి పైనుండే నూగు ఉంటాయి. వీటిలోని ప్రోటీన్లు విషమేమీ కాదు. కానీ కొందరి రోగనిరోధక శక్తి వీటిని శత్రువుగా పొరబడి, వాటికి సరిపోయే ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తుంది. అది ముక్కు పొరల్లోని మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటుంది. ఇంతవరకు తుమ్ము రాదు. అందుకే రెండు మూడేళ్లు బాగానే మేపిన మనిషికి ఉన్నట్టుండి మొదలవుతుంది.

మళ్లీ అదే దుమ్ము తగిలితే ఐజీఈ దాన్ని పట్టుకుంటుంది. నిమిషాల్లో మాస్ట్ కణం హిస్టమిన్ వదులుతుంది. అది నరాలను రేపితే దురద, తుమ్ము. రక్తనాళాలను వదులు చేస్తే ముక్కు కారడం, దిబ్బడ. కోయకుండా వదిలేసి పూతకొచ్చిన మల్బరీ పుప్పొడితోనూ కొందరికి ఇదే జరుగుతుంది. ఇంట్లో ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు ఈ గుణం వచ్చే అవకాశం ఎక్కువ.

జలుబు అయితే గొంతునొప్పి, ఒళ్లునొప్పులు ఉండొచ్చు, వారం పది రోజుల్లో తగ్గుతుంది. అలర్జీలో జ్వరం రాదు. కళ్లు, ముక్కు దురదపెడతాయి, నీళ్లు పల్చగా కారతాయి, షెడ్డుకు దూరంగా ఉంటే తగ్గి, తిరిగి వెళ్తే మొదలవుతాయి. సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఘాటుకు తుమ్ము వస్తే అది మంట మాత్రమే, అలర్జీ కాదు. అది ఎవరికైనా వస్తుంది.

మరి ఏం చేయాలి? దులిపేటప్పుడు ముఖానికి బిగుతుగా ఉండే ఎన్95 మాస్కు పెట్టుకోండి. తువ్వాలు చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. పంట తీసి షెడ్డు ఖాళీ అయ్యాక నీళ్లు చల్లి ఊడిస్తే దుమ్ము లేవదు. పురుగులుండగా మాత్రం చల్లకండి, జ్వరంలోనూ గూడు కట్టేటప్పుడూ తేమ చెడ్డది. పని అయ్యాక స్నానం చేసి బట్టలు మార్చుకోండి.

అలర్జీ మాత్ర హిస్టమిన్ పనిని అడ్డుకుంటుందే గానీ, దుమ్మును ఆపదు. కొన్ని మాత్రలు నిద్ర తెస్తాయి, వేసుకుని బండి నడపకండి.

తుమ్ములతో ఆగక రాత్రిళ్లు దగ్గు, ఛాతీ బిగుతు, పిల్లికూతలు వస్తే ఊపిరితిత్తులదాకా పోయిందని అర్థం. అది ఉబ్బసం కావచ్చు. వచ్చే పంటదాకా ఆగకుండా డాక్టరుకు చూపించి, పురుగులు మేపుతామని తప్పక చెప్పండి. ఆ మాట చెప్పకపోతే కారణం తెలియక మాత్రలు మారుస్తూ ఉండాల్సి వస్తుంది.