ఈ ఉద్యోగం వద్దు... మరి ఏది కావాలి?

హైదరాబాద్‌లో 11 ఏళ్ల అనుభవం ఉన్న ఒక టెస్టింగ్ లీడ్ ఉన్నారనుకుందాం. ఆవిడ కింద 8 మంది పనిచేస్తున్నారు. ఒక రోజు కన్సల్టెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. చూస్తే 4 నుంచి 7 ఏళ్ల అనుభవం చాలనే పోస్టు. ఇలాంటి మెయిల్‌ను చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. ‘నా ప్రొఫైల్ అసలు చదివారా?’ అని చురక వేసేవాళ్లూ ఉంటారు. ఊరుకుంటే వచ్చేదేమీ లేదు, చురక వేస్తే తర్వాత రావాల్సిన కాల్ కూడా రాదు.

ముందు ఆ పోస్టు నిజంగా చిన్నదేనా అన్నది తేల్చుకోవాలి. పేరు చూసి తేల్చడం కుదరదు. సర్వీసెస్ కంపెనీలో ‘లీడ్’ చేసే పనినే ప్రొడక్ట్ కంపెనీలో ‘సీనియర్ ఇంజినీర్’ చేస్తుండవచ్చు. అనుమానముంటే ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఈ పోస్టు ఎవరికి రిపోర్ట్ చేయాలి?’ ఆ పైనున్నవారు చేసే పని, ఇప్పుడు మీరు చేస్తున్న పని ఒకటే అయితే అది మీకు ఒక మెట్టు కిందిదే.

మెయిల్ పంపిన మనిషి పరిస్థితీ తెలిసుండాలి. ప్రతి పోస్టుకూ కంపెనీ ఒక బ్యాండ్, దానికి తగ్గ బడ్జెట్ ముందే ఖాయం చేసి ఉంచుతుంది. కన్సల్టెన్సీ వాళ్లు దాన్ని మార్చలేరు. కాబట్టి ‘జీతం పెంచితే చూస్తాను’ అని రాస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. అయితే మనిషి చేరితేనే వాళ్లకు ఫీజు. ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, తీసుకోవడం మన దగ్గర మామూలే. వాళ్ల చేతిలో ఇంకా చాలా పోస్టులుంటాయి. వాటిలో మీకు సరిపోయేదేదో మీరు చెబితే లాభం ఇద్దరికీ.

ఆ లీడ్ పంపిన జవాబు ఇలా ఉండవచ్చు. మెయిల్ వెళ్లేది ఇంగ్లిష్‌లోనే అయినా విషయం ఇదీ:

‘నమస్తే అండీ. మెయిల్ పంపినందుకు థాంక్స్. ఈ పోస్టులో ప్రధానంగా టెస్ట్ కేసులు రాసి, రన్ చేయాలని ఉంది. నేను నాలుగేళ్లుగా 8 మంది టీముకు టెస్ట్ ప్లాన్, రిలీజ్ నిర్ణయాలు చూస్తున్నాను. అందుకని దీనికి ముందుకు వెళ్లడం లేదు.

టెస్ట్ మేనేజర్ పోస్టు గానీ, ఆటోమేషన్‌ను మొదటినుంచి నిలబెట్టే ఆర్కిటెక్ట్ పోస్టు గానీ ఉంటే తప్పకుండా మాట్లాడతాను. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ ప్రాజెక్టులైతే మేలు. హైదరాబాద్‌లోనే ఉండాలి, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రాగలను. టీము చిన్నదైనా సరే, రిలీజ్ చేయాలా వద్దా అన్న చివరి మాట మాత్రం నాదై ఉండాలి. జీతం ఏడాదికి 32 లక్షలు, అదీ ఫిక్స్‌డ్ నుంచి మొదలు. నోటీస్ పీరియడ్ 60 రోజులు.’

మొదటి పేరాలో ఆవిడ తన గొప్ప చెప్పుకోలేదు, ‘ఓవర్ క్వాలిఫైడ్’ అన్న మాటా వాడలేదు. ఆ పోస్టులో ఉన్న పని, తను చేస్తున్న పని పక్కపక్కన పెట్టారంతే. తేడా చదివేవారికే కనిపిస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

అసలు బలం రెండో పేరాది. రిక్రూటర్లు అభ్యర్థులను వెతికేది పోస్టు పేరు, నైపుణ్యం, ఊరు, జీతం, నోటీస్ పీరియడ్ పెట్టి. ఆవిడ రాసిన ప్రతి వాక్యమూ ఆ వెతుకులాటకు పనికొస్తుంది. ‘ఛాలెంజింగ్ రోల్ కావాలి’ అని రాసి ఉంటే దాన్ని ఎక్కడ పెట్టి వెతకాలో ఎవరికీ తెలియదు. ‘ఫిక్స్‌డ్’ అని విడిగా చెప్పడానికీ కారణముంది. 32 లక్షల ప్యాకేజీలో 5 లక్షలు వేరియబుల్ అయితే, ఖాయంగా చేతికొచ్చే లెక్క 27 లక్షల మీదే వేసుకోవాలి.

ఇదే మెయిల్ కంపెనీ సొంత హెచ్‌ఆర్ నుంచి వస్తే ఒక అవకాశం అదనం. హైరింగ్ మేనేజర్‌కు మనిషి నచ్చితే పై బ్యాండ్‌కు అనుమతి అడిగే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. అప్పుడు ‘ఇదే టీములో పై స్థాయి పోస్టు ఉంటే చెప్పండి’ అని ఒక వాక్యం కలపాలి. అయితే ఈ మాటను ఇంటర్వ్యూలకు ముందే చెప్పాలి. మూడు రౌండ్లయ్యాక చెబితే బేరమాడుతున్నారనుకుంటారు.

ఇక షరతుల సంగతి. అన్నీ బిగించి రాస్తే ఏ పోస్టూ సరిపోదు. ఆవిడ టీము సైజు వదులుకున్నారు, నిర్ణయాధికారం వదులుకోలేదు. రాసేముందు మీరు కూడా దేన్ని వదులుకోగలరో, దేన్ని వదులుకోలేరో ఖాయం చేసుకోండి. అది తేలకపోతే రెండో పేరా రాయకండి. మొదటి పేరా పంపి, మర్యాదగా వద్దనడమే మంచిది.