ఉల్లిపాయను చక్రాలుగా కోయాలా, పొరలుగా విప్పాలా?

అమెరికాలో కాలేజీ మొదటి ఏడాది చదువుతున్న మా మేనకోడలు ఓ రాత్రి వాట్సాప్‌లో ఫొటో పంపింది. తెల్లకాగితం మీద రెండు అక్షాలు, వాటి మధ్య గుట్టలాంటి ఒక వంపుగీత, గీత కింద పెన్సిల్‌తో నింపిన భాగం. అడ్డం అక్షం మీద 3, నిలువు అక్షం మీద గుట్ట శిఖరానికి ఎదురుగా 4 అని గుర్తులున్నాయి. అడుగున, ఈ ప్రాంతాన్ని y అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఘనం ఘనపరిమాణం కనుక్కోమని ఉంది. గీత పక్కన "y =" వరకే కనిపిస్తోంది. మిగతా సమీకరణం ఫొటో అంచు అవతల ఉండిపోయింది.

"మామయ్యా, నాకు 65.4 వచ్చింది. జవాబుల పేజీలో 76.3 ఉంది. ఇది డిస్కా, షెల్లా?" అని అడిగింది.

సమీకరణం లేకపోతేనేం అనుకున్నాను. సున్నా దగ్గర మొదలై, 4 ఎత్తుకు లేచి, 3 దగ్గర దిగిన గుట్ట. శిఖరం నడిమధ్యలోనే ఉన్నట్టుంది. పారాబోలా అయివుంటుందని లెక్క కట్టేశాను. 24π వచ్చింది, అంటే 75.4. జవాబుల పేజీలోని 76.3కి ఒకటి తక్కువ. ఎక్కడో రౌండ్ చేసి ఉంటారులే అని సరిపెట్టుకోబోయాను. కానీ ఇలాంటి బహుపది లెక్కలో రౌండ్ చేయడానికి ఏమీ ఉండదు, జవాబు π గుణిజంగా కచ్చితంగా తేలుతుంది. ఒకటి తేడా వచ్చిందంటే గీతే తప్పని అర్థం.

ఫొటోను మళ్లీ చూశాను. పిల్ల ఫోన్‌ను కుడివైపు నుంచి ఒరిగించి పట్టుకుంది. దగ్గరగా ఉన్న కుడి భాగం సాగింది, ఎడమ భాగం కుదించుకుపోయింది. అందుకే శిఖరం మధ్యకు జరిగినట్టు కనిపించింది. ఫొటోలో పొడవుల్ని నమ్మకూడదు. కానీ కెమెరా ఎంత ఒరిగినా చెడని సంగతులు కొన్ని ఉంటాయి: గీత అక్షాన్ని ఎక్కడ తాకింది, తాకినచోట కోసుకుంటూ పోయిందా, ఒరుసుకుంటూ పాకిందా అన్నవి. ఇక్కడ 3 దగ్గర గీత అక్షాన్ని కోసుకుంటూ దిగింది. సున్నా దగ్గర మాత్రం అక్షాన్ని ఒరుసుకుంటూ కొంత దూరం పాకి, ఆ తర్వాత లేచింది. పారాబోలా అయితే మొదటి అడుగులోనే ఏటవాలుగా లేచేది. ఇలా ఒరుసుకోవడం x² ఉన్న గుర్తు. 3 దగ్గర కోత అంటే (3 − x). రెండూ గుణిస్తే

y = x²(3 − x) = 3x² − x³

దీని శిఖరం x = 2 దగ్గర వస్తుంది, ఎత్తు సరిగ్గా 4. కాగితం మీది గుర్తుతో కలిసింది. ఇదే నీ సమీకరణమా అని అడిగితే "అవును మామయ్యా, నీకెలా తెలిసింది?" అంది.

ఇక డిస్కా షెల్లా అన్న ప్రశ్న. ఉల్లిపాయను అడ్డంగా చక్రాలుగా కోయొచ్చు, లేదా పైనుంచి ఒక్కో పొరే విప్పుతూ పోవచ్చు. చక్రాలన్నీ కూడినా, పొరలన్నీ కూడినా అదే ఉల్లిపాయ. చక్రాలది డిస్క్ పద్ధతి, మధ్యలో చిల్లుంటే వాషర్. పొరలది షెల్ పద్ధతి. జవాబు ఒకటే కాబట్టి ఎంపికంతా శ్రమ గురించే. పిల్లలు తడబడేది ఎందుకంటే, ముందు పద్ధతి పేరు ఎంచుకుని తర్వాత బొమ్మ వైపు చూస్తారు. నేను క్లాసులో తిరగేసి చెబుతాను: ముందు బొమ్మలో ఒక సన్నటి పట్టీ గియ్యండి. ప్రాంతం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆ పట్టీని జరిపినా దాని రెండు చివరలూ అవే రెండు గీతల మీద ఉండాలి. అలాంటి పట్టీ దొరికాక తిప్పే అక్షాన్ని చూడండి. పట్టీ అక్షానికి లంబంగా ఉంటే అది తిరిగి చక్రమవుతుంది, సమాంతరంగా ఉంటే పొరవుతుంది. పద్ధతి దానంతటదే తేలుతుంది.

మన గుట్టలో నిలువు పట్టీ గీస్తే కింది కొస అడ్డం అక్షం మీద, పై కొస వంపు మీద. సున్నా నుంచి 3 దాకా ఇందులో మార్పు లేదు. తిప్పేది y అక్షం చుట్టూ, పట్టీ దానికి సమాంతరం. కాబట్టి షెల్. x దూరంలో ఉన్న పట్టీ తిరిగి ఒక గొట్టమవుతుంది. దాన్ని ఒకచోట చీల్చి చాప పరిచినట్టు పరిస్తే, పొడవు 2πx, ఎత్తు 3x² − x³ ఉన్న పలచని రేకు. రేకులన్నీ కూడితే

V = 2π ∫₀³ x(3x² − x³) dx = 243π/10 ≈ 76.3

ఘనం చూడటానికి గారెలా ఉంటుంది. అడుగు చదును, మధ్యలో గుంట అడుగు దాకా దిగుతుంది. ఈ గారెను అడ్డంగా కోస్తే ప్రతి ముక్కా చిల్లున్న వాషరే, కాబట్టి ఆ దారీ తప్పు కాదు. కానీ ప్రతి ఎత్తులోనూ చిల్లు అంచు, బయటి అంచు ఎక్కడున్నాయో కావాలి. 2 ఎత్తులో అవి 1, 1 + √3 అని తేలిగ్గానే దొరుకుతాయి. మిగతా ఎత్తుల్లో x³ − 3x² + y = 0 అనే ఘన సమీకరణాన్ని విప్పాలి, దాని మూడు మూలాల్లో మనకు కావలసిన రెంటిని ఏరుకోవాలి. ఆ పని ఎవరూ సరదాకి చేయరు.

మరి మేనకోడలికి 65.4 ఎలా వచ్చింది? π ∫₀³ (3x² − x³)² dx అని వేసింది. విలువ 729π/35, లెక్కలో తప్పు లేదు. కాకపోతే అది ఇదే గుట్టను x అక్షం చుట్టూ తిప్పితే వచ్చే వేరే ఘనం. అదే నిలువు పట్టీ ఆ అక్షానికి లంబం గనుక అక్కడ డిస్కే సరైనది. పట్టీ సరిగ్గానే గీసింది, ఏ అక్షమో చూసుకోలేదు.

అన్నిచోట్లా నిలువు పట్టీ నిలబడదు. x = y², x = y + 2 గీతల మధ్య ప్రాంతంలో x = 1 దాటగానే పట్టీ కింది కొస వంపు మీంచి సరళరేఖ మీదికి మారిపోతుంది. అక్కడ అడ్డం పట్టీ గీయాలి. y అక్షం చుట్టూ తిప్పితే అది వాషర్ అవుతుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నా 24π. తప్పు గీతకు అంత దగ్గరి జవాబు ఎలా వచ్చింది? నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితజ్ఞుడు పాపస్ పేరున్న సూత్రంతో చూస్తే తెలిసింది. ప్రాంతం అక్షానికి ఒకే పక్కన ఉన్నంతవరకు, దాని వైశాల్యాన్ని దాని కేంద్రభారం తిరిగే దూరంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. అసలు గుట్ట వైశాల్యం 6.75, కేంద్రభారం అక్షానికి 1.8 దూరం. నా పారాబోలా వైశాల్యం 8, దూరం 1.5. లావుగా ఊహించాను, అక్షానికి దగ్గరగా ఊహించాను. ఒక తప్పు పెంచింది, మరొకటి తగ్గించింది. చివరికి నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ తేడా మిగిలింది. జవాబుల పేజీ 75 అని ఉంటే నేను ఫొటోను మళ్లీ చూసేవాణ్నే కాదు.

మర్నాడు ఇంకో ఫొటో వచ్చింది. అదే గుట్ట, ఈసారి x = 3 గీత చుట్టూ తిప్పాలి. కాగితాన్ని నేల మీద పెట్టి నిటారుగా పైనుంచి తీసింది. నిలువు పట్టీ గీసి, దాని నుంచి చుక్కల గీత దాకా బాణం వేసి, పైన 3 − x అని రాసింది.