ఫ్లూ టీకా: ముక్కులోకా, చేతికా?

మన ఒంట్లో ముక్కు కాస్త చల్లటి చోటు. ఊపిరితిత్తుల్లో 37 డిగ్రీల వేడి ఉంటే ముక్కులో దాదాపు 33 డిగ్రీలే ఉంటుంది. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా కిటుకంతా ఈ తేడాలోనే ఉంది.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో హునైన్ మాసబ్ అనే శాస్త్రవేత్త, 1960 నాటి ఫ్లూ వైరస్‌ను మెల్లమెల్లగా చలికి అలవాటు చేశారు. చివరికది 25 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతూ, ఒంటి వేడికి డీలాపడేలా మారింది. దానికి ఆ ఏటి ఫ్లూ రకాల పైపొర ప్రొటీన్లు తగిలించి స్ప్రే తయారుచేస్తారు. ఒక్కో ముక్కు రంధ్రంలో 0.1 మిల్లీలీటరు కొడితే వైరస్ అక్కడే కాస్త పెరుగుతుంది. ఊపిరితిత్తుల వేడిలో మాత్రం అది పుంజుకోలేదు. అసలు ఫ్లూ ముందుగా దాడిచేసే ముక్కు పొరలోనే అలా యాంటీబాడీలు పుడతాయి.

ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్. ఎక్కువగా కోడిగుడ్లలో పెంచి, రసాయనంతో చంపి, ముక్కలుచేసి, శుద్ధిచేసి కండరంలోకి ఎక్కిస్తారు. యాంటీబాడీలు ప్రధానంగా రక్తంలో తయారవుతాయి. అది ఎవరి ఒంట్లోనూ పెరగదు కాబట్టి రోగనిరోధక శక్తి తగ్గినవారికీ ఇవ్వవచ్చు.

స్ప్రే బలహీనత కూడా దాని ప్రాణంలోనే ఉంది. పెరిగితేనే అది పనిచేస్తుంది. ఎన్నో ఫ్లూలు చూసిన పెద్దవాళ్ల ఒంట్లో పాత యాంటీబాడీలు దాన్ని మొలకలోనే తుంచేయవచ్చు. అందులోని హెచ్1ఎన్1 రకం సరిగా పనిచేయలేదని అమెరికా నిపుణుల కమిటీ 2016-17, 2017-18 సీజన్లలో స్ప్రే వాడొద్దంది. ఆ రకాన్ని మార్చాకే మళ్లీ ఒప్పుకుంది.

అమెరికాలో స్ప్రే 2 నుంచి 49 ఏళ్లవారికే. డాలస్‌లో ఒక తెలుగు కుటుంబం అక్టోబరులో టీకాకు వెళ్లిందనుకుందాం. ఇంతవరకు ఫ్లూ టీకా వేసుకోని ఏడేళ్ల పాపకు ఏ జబ్బూ లేదు కాబట్టి స్ప్రే చాలు, కాకపోతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. మూడేళ్ల తమ్ముడికి పోయిన చలికాలంలో పిల్లికూతలు వచ్చాయి, స్ప్రేతో ఆయాసం రేగే ప్రమాదం ఉంది కాబట్టి ఇంజెక్షనే. గర్భిణి అయిన అమ్మకూ ఇంజెక్షనే. ఆరోగ్యంగా ఉన్న 36 ఏళ్ల నాన్న ఏదైనా వేయించుకోవచ్చు. డెబ్బై ఏళ్ల నానమ్మకు నాలుగు రెట్లు మోతాదున్న ఇంజెక్షన్ మేలు. ఇంట్లో ఎవరికైనా ఇటీవలే ఎముక మజ్జ మార్పిడి జరిగి ప్రత్యేక గదిలో ఉంటే, స్ప్రే తీసుకున్నవారు వారం రోజులు వాళ్ల దగ్గరికి వెళ్లకూడదు.

స్ప్రే తర్వాత రెండు మూడు రోజులు ముక్కు కారడం మామూలే. ఇంజెక్షన్‌తో చేయి నొస్తుంది. అయితే స్ప్రే కొట్టాక రెండు వారాల్లోపు టామీఫ్లూ వంటి మందు వాడాల్సివస్తే, ఆ మందు టీకా వైరస్‌నూ అణచేస్తుంది. అప్పుడు టీకా మళ్లీ వేయించుకోవాలి, ఈసారి ఇంజెక్షన్ రూపంలో.