ఒక్క నెల ఖాళీ ఖరీదు

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఒక సందు. అక్కడ రెండో అంతస్తులో 1,200 చదరపు అడుగుల ఆఫీసు అద్దెకు తీసుకుని ఒకావిడ ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నారనుకుందాం. అద్దె నెలకు 48,000, అంటే అడుగుకు 40 రూపాయలు. మెయింటెనెన్స్ విడిగా అడుగుకు 4. మూడేళ్ల లీజు ఇంకో మూడు నెలల్లో ముగుస్తుంది. ఓనరుగారు ఫోన్ చేశారు: "బయట 46 పలుకుతోందమ్మా. 15 శాతం పెంచి మళ్లీ రాసుకుందాం."

అలా రాసుకుంటే అద్దె 55,200 అవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది "కాస్త చూడండి సార్" అని బతిమాలతారు. ఆయన ఓ ఐదొందలు తగ్గిస్తారు, అక్కడితో సరి. ఆవిడ అలా చేయకుండా ముందు పాత లీజు కాగితాలు తీసి చదివారు. పెంపు ఎంతో అందులో ముందే రాసి, సంతకం పెట్టి ఉంటే ఇక అడగడమే తప్ప వాదించడానికి ఏమీ ఉండదు. ఆమె లీజులో మాత్రం "పరస్పర అంగీకారంతో పొడిగించుకోవచ్చు" అని మాత్రమే ఉంది.

ఆ తర్వాత ఓనరు చెప్పిన 46 ఎక్కడిదో చూడటానికి వెళ్లారు. రెండు భవనాల అవతల టూలెట్ బోర్డు ఉంది. అక్కడ అడుగుతున్నది నిజంగా 46 రూపాయలే, కానీ మెయింటెనెన్స్ అందులోనే కలిసి ఉంది. తాను ఇప్పటికే కడుతున్నది 40కి 4 కలిపితే 44. అంటే తేడా ఆరు రూపాయలు కాదు, రెండే. పైగా బోర్డు మీది ధర అడిగే ధరే కదా, కుదిరిన ధర కాదు. అదే సందులో నాలుగు నెలల కిందట చేరిన వాళ్లను అడిగితే అన్నీ కలిపి 45కి తీసుకున్నామన్నారు. దాంతో ఆవిడ 5 శాతం పెంపుకు సిద్ధపడ్డారు. అద్దె 50,400 అవుతుంది, మెయింటెనెన్స్ కలిపితే అడుగుకు 46.

ఇప్పుడు ఓనరు వైపు నుంచి లెక్క చూద్దాం. ఆవిడ ఖాళీ చేసి, ఒక నెల తర్వాత 55,200కి కొత్తవాళ్లు చేరితే మొదటి ఏడాది పదకొండు నెలల అద్దె 6,07,200 వస్తుంది. ఆవిడే ఉంటే పన్నెండు నెలలకు 6,04,800. తేడా 2,400 రూపాయలే! రంగులు వేయించడానికి కూడా అది చాలదు, ఇక బ్రోకరు కమీషన్ సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే ఈ లెక్కకూ ఒక హద్దుంది, దాన్ని మరిచిపోతే బోల్తా పడతాం. మూడేళ్ల మీద చూస్తే ఖాళీ మూడు నెలలు దాటితేనే ఓనరుకు అద్దెలో నష్టం వస్తుంది. చుట్టుపక్కల గదులు వారంలో నిండిపోతుంటే ఈ వాదన నిలవదు. అందుకే టూలెట్ బోర్డుల మీద ధరతోపాటు వాటి వయసూ చూడాలి. ఆ రెండు భవనాల అవతలి బోర్డు ఎండకు వెలిసిపోయి ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే ఐదు నెలలైందన్నాడు.

ఇక తన రికార్డు. "టైముకే కడుతున్నాం" అనే మాటతో ఆపకుండా బ్యాంకు స్టేట్‌మెంటు చూసి 33 నెలల చెల్లింపు తేదీలను ఒక్క పేజీలో రాశారు. ఒక నెల తొమ్మిది రోజులు ఆలస్యమైంది. దాన్నీ దాచకుండా రాశారు, ఎందుకంటే ఓనరుకు అది గుర్తుండే ఉంటుంది. కరెంటు బిల్లు బాకీ లేదని, బాత్రూం పైపులైను సొంత డబ్బుతో మార్పించామని రసీదు జతచేశారు. పైన ఉత్తరం చిన్నదే:

"గౌరవనీయులైన ఓనరుగారికి నమస్కారం. మరో మూడేళ్లు ఇక్కడే కొనసాగాలని మా కోరిక. మన సందులో ఇటీవల కుదిరిన అద్దె వివరాలు, మా చెల్లింపుల పట్టిక జతచేశాను. వీటిని బట్టి నెలకు 50,400 ఇవ్వగలం. మీకు వీలైన రోజు వచ్చి మాట్లాడతాను."

మాటలు 51,360 దగ్గర తెగాయి, అంటే 7 శాతం. ఆవిడ అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే. బదులుగా రెండేళ్ల దాకా ఖాళీ చేయనని ఆమె మాటిచ్చారు, మూడేళ్లూ ఇదే అద్దె అని ఆయన ఒప్పుకున్నారు.

ఆ ఒప్పందం నోటిమాటగా మిగలకూడదు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. చేయించకుండా పాత లీజు ముగిశాక ఊరికే అద్దె కడుతూ పోతే, ఆఫీసు గది విషయంలో అది మామూలుగా నెలవారీ కిరాయి కిందికి వస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. అందుకే గడువుకు పది రోజుల ముందే ఇద్దరూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి కొత్త లీజు రిజిస్టర్ చేయించుకున్నారు.